ఫిల్టర్ ఫొటోలు, టీనేజ్ పిల్లలు

ప్రశ్న: మా విజయనగరంలో పిల్లలంతా ముఖాలు బాగా ఎడిట్ చేసిన ఫొటోలే పెడుతున్నారు, చూస్తున్నారు. నిజంగా వాళ్ల మీద ప్రభావం ఉంటుందా? ఇంట్లో ఏం చేయొచ్చు?

జవాబు: ఉంటుంది, ముఖ్యంగా ఇతరులతో పోల్చుకునే అలవాటు ఎక్కువగా ఉన్న పిల్లలకు తమ ముఖం, రంగు, ఒళ్లు నచ్చకుండా పోయే అవకాశం ఎక్కువ.

సినిమా తార ఎక్కడో ఉంటుంది. ఫొటోలో నున్నగా, తెల్లగా కనిపించేది పక్క బెంచీ అమ్మాయైతే, 'తనలా నేనెందుకు లేను?' అనిపిస్తుంది. సొంత ఫొటోకీ రోజూ ఫిల్టర్ వేస్తుంటే అద్దంలోని ముఖమే తక్కువగా తోస్తుంది.

సిరిమానోత్సవం రోజు తీసిన ఇంటిల్లిపాది ఫొటోనే తీసుకోండి. అమ్మ కూతురి మొటిమలు చెరిపి, రంగు తేల్చి స్టేటస్ పెడితే, ఎంత ప్రేమతో చేసినా ఆ పిల్లకు అందేది 'నీ ముఖం సరిచేయాల్సిందే' అన్న మాట. బదులుగా సెల్ఫీ కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపేయండి. ఫొటో చీకటిగా వస్తే మొత్తానికి వెలుగు పెంచండి, అంచులు కత్తిరించండి, అక్కడితో ఆగండి. వెనక గోడ, చీరలు కూడా సమానంగా వెలిగితే మీరు మార్చింది వెలుతురునే; చర్మం ఒక్కటే తెల్లబడితే మనిషిని మార్చినట్టు. పెట్టేముందు పిల్లల్ని అడగండి కూడా.

'అది ఎడిట్ అని వాళ్లకు తెలుసు కదా, ఏం కాదు' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పోలిక చూసిన క్షణంలోనే జరిగిపోతుంది, ఎడిట్ సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది. అందుకే ఫొటో కింద 'ఎడిట్ చేసినది' అని రాసినా పెద్దగా ఉపశమనం ఉండదు.