తండ్రి విదేశంలో ఉంటే పిల్లవాడి బ్యాంకు ఖాతాకు ఎవరు సంతకం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. మా నాన్నగారు వాడి పేరున 2 లక్షలు ఏడేళ్లకు డిపాజిట్ చేస్తానంటున్నారు. మావారు దుబాయ్‌లో ఉంటారు. తండ్రి సంతకం లేనిదే కుదరదని బ్యాంకులో అంటున్నారు. నేను చేయకూడదా? అబ్బాయి సంతకం చెల్లుతుందా?

జవాబు: మీరు చేయవచ్చు. తల్లిని గార్డియన్‌గా పెట్టి మైనర్ ఖాతా తెరవడానికి బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 1976లోనే అనుమతి ఇచ్చింది, 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన సర్క్యులర్‌లోనూ అదే మాట ఉంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను సహజ సంరక్షకుడు తండ్రి అని, ఆయన తరువాత తల్లి అని చెబుతున్నా, ఆ 'తరువాత' అంటే తండ్రి మరణించాకనే అని కాదని, ఆయన ఏ కారణం చేతనైనా బిడ్డ బాగోగులు చూసే స్థితిలో లేనప్పుడు కూడా అని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. అబ్బాయి జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, మీ ఆధార్, పాన్ కార్డులతో రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. కాదంటే కారణం కాగితం మీద ఇమ్మని అడగండి. చాలాచోట్ల అభ్యంతరం అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే బ్యాంకుకే ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో పరిష్కారం రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ఇక అబ్బాయి సంతకం. పదేళ్లు నిండిన పిల్లలు తామే సేవింగ్స్ ఖాతా, టర్మ్ డిపాజిట్ తెరిచి నడుపుకోవచ్చునని ఆ 2025 సర్క్యులర్ చెబుతోంది, కానీ ఎంత మొత్తం వరకు అన్నది ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంటుంది. 2 లక్షలు ఆ పరిమితి దాటవచ్చు కనుక మీరు గార్డియన్‌గా ఉండటమే మేలు.

తన డబ్బు తాను తీసుకునే సంతకానికి, అప్పు తెచ్చుకునే సంతకానికి చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. 18 ఏళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ పాలనలో మనకు అత్యున్నత అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1903లో చెప్పింది, నేటికీ అదే చట్టం. కాబట్టి ప్రామిసరీ నోటు రాసినా, ఒకరి అప్పుకు హామీ సంతకం చేసినా అబ్బాయి మీద బాధ్యత పడదు, పెద్దయ్యాక 'ఒప్పుకుంటున్నాను' అన్నా ఆ పాత నోటుకు ప్రాణం రాదు. మైనర్ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఉన్న డబ్బుకు మించి అప్పుగా, ఇవ్వరాదన్న నియమానికి మూలం కూడా ఇదే. అయితే తనకు మేలు కలిగేదాన్ని, ఉదాహరణకు తాతగారి కానుకను, స్వీకరించడానికి వయసు అడ్డు కాదు.

ఏడేళ్ల గడువు గురించి మాత్రం ఒకసారి ఆలోచించండి. గడువు తీరేనాటికి అబ్బాయికి 19 ఏళ్లు. 18 నిండిన రోజుతోనే గార్డియన్‌గా మీ అధికారం ముగుస్తుంది, ఆపైన మీ సంతకంతో బ్యాంకు డబ్బు ఇవ్వదు. అబ్బాయే తన గుర్తింపు పత్రాలు, కొత్త నమూనా సంతకం ఇవ్వాలి. ఆ డబ్బు కాలేజీ ఫీజుకు మీ చేతికే రావాలనుకుంటే ఐదేళ్లకే వేయించండి, అప్పటికి వాడికి 17 ఏళ్లే ఉంటాయి.