పదివేల తేడా చూసే ముందు

విశాఖపట్నం

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పోర్టులో కన్వేయర్ల మెయింటెనెన్స్ వదిలి మందుల పరిశ్రమలోకి వెళ్లాలన్న ఆలోచన నాకూ నచ్చింది. కానీ పరవాడ నుంచి వచ్చిన రెండు ఉద్యోగాల్లో, పదివేలు ఎక్కువని మొదటిదే ఖాయం చేసుకున్నట్టు రాశావు. అక్కడ కాస్త ఆగు.

మొదటిది ప్లాంటుకు ఆవిరి, నీరు, గాలి అందించే యుటిలిటీస్‌లో షిఫ్టు ఇంజనీరు, నెలకు 48 వేలు. పంపులు, బేరింగులు, గేర్‌బాక్సులు నీ చేతికి అలవాటైనవే. ఆరు నెలల్లో ప్లాంటు కంఠతా వచ్చేస్తుంది. రెండో ఏడు మొదటి ఏడులాగే గడుస్తుంది. నేను ఒకప్పుడు జీతం చూసి మారి, మూడేళ్లు అలాగే గడిపాను. నాలుగో ఏట వేరే చోట ఇంటర్వ్యూకు వెళితే కొత్తగా చెప్పుకోవడానికి ఒక్క పని లేదు.

రెండోది క్వాలిఫికేషన్ విభాగం, 38 వేలు. కొత్త రియాక్టర్ వస్తే దాన్ని సరిగ్గా బిగించారా, చెప్పిన పరిధిలో నడుస్తోందా, ఉత్పత్తిలో ప్రతిసారీ ఒకేలా పనిచేస్తోందా అని పరీక్షించి, కాగితం మీద రుజువు చేయాలి. ఐక్యూ, ఓక్యూ, పీక్యూ అనేవి ఈ మూడు దశలే. మొదట్లో చేయి ఆడదు. అంకె తప్పు పడితే చెరిపేయకూడదు. పాతది కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఆ క్రమశిక్షణ మందుల కంపెనీలన్నిటిలోనూ ఒకటే కనుక, అక్కడ నేర్చినది ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

అయితే పేరు చూసి మోసపోకు. కొన్నిచోట్ల ఈ పరీక్షలన్నీ బయటి కాంట్రాక్టరు చేస్తాడు, లోపలివాళ్లు సంతకాలు పోగుచేస్తారు. అందుకే "పరీక్ష ఎలా చేయాలో చెప్పే ప్రోటోకాల్ నేనే రాస్తానా, ఆడిట్‌లో ప్రశ్నలకు నేనే జవాబు చెబుతానా?" అని సూటిగా అడుగు. రెండు చోట్లా నీకు ముందు ఆ కుర్చీలో ఉన్నవారు ఎన్నేళ్లు ఉన్నారు, ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారని కూడా అడుగు. నలభై మంది షిఫ్టు ఇంజనీర్లకు పైన ఇద్దరే మేనేజర్లుంటే, నీ వంతు ఎప్పటికి వస్తుందో నువ్వే లెక్క వేసుకోగలవు.

మొదటి ఉద్యోగానికీ ఒక మెట్టు ఉండవచ్చు. బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు పరీక్షకు అవసరమైన అనుభవం వచ్చేలా నిన్ను బాయిలర్ హౌస్‌లో వేస్తామని రాతపూర్వకంగా ఇస్తే, నేనూ అటే మొగ్గుతాను. నోటిమాట మాత్రం నమ్మకు.

తేడా ఏడాదికి లక్షా ఇరవై వేలు. అమ్మ మందులు, ఇంటి అప్పు వాయిదా పోను 38 వేలలో నెల గడవకపోతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి మొదటిదే తీసుకో, అందులో తప్పేమీ లేదు. ఆదివారం గాజువాక రా. రెండు ఆఫర్ లెటర్లూ, ఇంటి ఖర్చుల పుస్తకమూ తెచ్చుకో.

మీ మామయ్య