వార్డు కమిటీ తీర్మానాన్ని పక్కన పెడితే కోర్టుకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేడమ్, మా మున్సిపాలిటీలో నేను వార్డు కమిటీ సభ్యుణ్ణి. పోయినేడాది మీటింగులో మురుగు కాలువ కట్టాలని అందరం కలిసి తీర్మానం చేశాం. బడ్జెట్ చూస్తే దాని ఊసే లేదు, డబ్బులు వేరే వీధిలో సీసీ రోడ్డుకు పోయాయి. మా తీర్మానానికి విలువ లేదా? కొన్ని ఊళ్ళలో బడ్జెట్‌ను జనమే నిర్ణయిస్తారట, అది మాకూ హక్కే కదా? కేసు వేస్తే గెలుస్తామా?

జవాబు: "మా తీర్మానం ప్రకారం డబ్బు కేటాయించలేదు" అన్న ఒక్క మాట మీద కేసు వేస్తే దాదాపుగా ఓడిపోతారు, అందుకే ముందే చెప్తున్నాను. వార్డు కమిటీ చేసేది సిఫారసు. బడ్జెట్ ఆమోదించే అధికారం ఎన్నికైన కౌన్సిల్‌ది. అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. గెలవగలిగే కేసు వేరే ఉంది, అసలు కేసు దాకా వెళ్ళకుండానే పని జరిగే దారి కూడా ఉంది.

రాజ్యాంగం ఏం చెప్తోందో చూద్దాం. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతో వచ్చినదే 243-ఎస్ అధికరణం. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెప్తుంది, ఆ వార్డు సభ్యుడు కమిటీలో ఉంటాడని చెప్తుంది, అంతకు మించి వివరాలన్నీ రాష్ట్ర శాసనసభకు వదిలేసింది. కమిటీకి ఇంత డబ్బు ఇవ్వాలని గానీ, కమిటీ మాట కౌన్సిల్ విని తీరాలని గానీ అందులో ఎక్కడా లేదు. మీ పట్టణ జనాభా మూడు లక్షల లోపు అయితే మీ కమిటీకి ఆధారం పూర్తిగా రాష్ట్ర చట్టమే. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టింది: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి. కాబట్టి మిమ్మల్ని సభ్యుడిగా నియమించిన ఉత్తర్వు బయటకు తీసి, అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. మీ కమిటీ ఎన్నాళ్ళకోసారి కలవాలి, దేని మీద అభిప్రాయం చెప్పొచ్చు అన్నది ఆ సెక్షన్‌లో, దాని కింద వచ్చిన రూల్సులో ఉంటుంది. చాలామంది సభ్యులు ఆ కాగితం ఒక్కసారి కూడా చదవరు, నాకు బాధ కలిగించే విషయం అదే.

ఇక జనమే నిర్ణయించే బడ్జెట్ సంగతి. 1989లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో ఇది మొదలైంది. పేటపేటకీ సభలు పెట్టి, ప్రతినిధులను ఎన్నుకుని, ఏ పని ముందు అన్నది వాళ్ళు తేల్చేవాళ్ళు. అక్కడ కూడా చట్టప్రకారం బడ్జెట్ ఆమోదించేది నగర సభే. పెరూ 2003లో దీన్ని చట్టంగా చేసింది. మన దేశంలో పుణె నగరపాలక సంస్థ 2006లో మొదలుపెట్టింది: పౌరులు ఒక ఫారం నింపి వార్డు ఆఫీసులో ఇస్తే, ఇంజనీర్లు చూసి, ఒక పరిమితికి లోబడిన చిన్న పనులను బడ్జెట్‌లో చేరుస్తారు. ఇది ఆ సంస్థ తనంతట తాను నడుపుకుంటున్న పద్ధతి. దాన్ని చూపించి మన ఊళ్ళోనూ హక్కుగా అడగలేం.

కానీ ఆ పద్ధతికీ మీ కమిటీకీ ఉన్న తేడా ఒకటుంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. అక్కడ ముందు డబ్బు పక్కన పెడతారు, ఆ తర్వాత కోరికలు అడుగుతారు. మీ దగ్గర ముందు కోరిక రాసుకుంటారు, డబ్బు ఉందో లేదో ఎవరూ చెప్పరు. ఎంతుందో తెలియకుండా చేసిన తీర్మానం పక్కకు పోవడానికి ఎక్కువ సమయం పట్టదు. మున్సిపల్ బడ్జెట్‌లో జీతాలు, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు పోగా, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో నీళ్ళు, పారిశుద్ధ్యం కోసమని ముడిపెట్టి ఇచ్చింది కూడా పోగా మిగిలేదే మీరూ నేనూ వాదించుకోగలిగిన డబ్బు. అయితే మురుగు కాలువ పారిశుద్ధ్యం కిందకే వచ్చే అవకాశం ఉంది కాబట్టి, సీసీ రోడ్డుకు వాడలేని పద్దు మీ పనికి దొరకొచ్చు. ఏ పద్దు అన్నది అకౌంట్స్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. అలాగే వార్డుకు ఇంత అని ముందే కేటాయించి, ఆ మొత్తంలో పనులు ఎంచే బాధ్యత వార్డు కమిటీలకు ఇద్దామని మీ కౌన్సిలర్ చేత కౌన్సిల్‌లో ప్రతిపాదన పెట్టించొచ్చు. చివరి ఆమోదం కౌన్సిల్ దగ్గరే ఉంచుకుని ఇలాంటి ఏర్పాటు చేసుకోవడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఎదురు చూడనక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: ఒక్కో పనికి పరిమితి మరీ చిన్నదిగా పెడితే జనం బెంచీలు, బోర్డులే అడుగుతారు, కాలువ లాంటి పొడుగు పని ఆ పరిమితిలో పట్టదు.

నా దగ్గరకు వచ్చిన ఒక కాలనీ సంగతి చెప్తాను, మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంటుంది. వాళ్ళ మినిట్స్ బుక్కులో ఉన్నది ఒకే వాక్యం: "ఆరో వీధిలో మురుగు కాలువ అవసరమని సభ్యులు కోరారు." పొడవు లేదు, నీళ్ళు ఎక్కడికి పోవాలో లేదు. సమాచార హక్కు కింద ఫైలు చూస్తే ఆ సిఫారసు అసలు ఇంజనీరింగ్ విభాగానికే వెళ్ళలేదని తేలింది, మినిట్స్ బుక్కులోనే ఉండిపోయింది. ఎవరో కావాలని తొక్కిపెట్టారని వాళ్ళు అప్పటిదాకా అనుకున్నారు. ఎస్టిమేట్ లేని పని బడ్జెట్ జాబితాలోకి ఎక్కదని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడాది టేపు పట్టుకుని కొలిచారు. 140 మీటర్లు వచ్చింది. వర్షం పడ్డ రోజు నీళ్ళు ఏ ఇంటి దగ్గర ఆగుతున్నాయో తేదీతో ఫోటోలు తీశారు. ఏ మలుపు దగ్గర మొదలై ఏ కల్వర్టులో కలవాలో గీసుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు: చివరి 20 మీటర్లు ఒక ప్రైవేటు స్థలం గుండా పోవాలి. ఆ యజమాని రాసి ఇవ్వకుండా, లేదా స్థల సేకరణ జరగకుండా మున్సిపాలిటీ అక్కడ తవ్వితే రేపు ఆ యజమానే స్టే తెస్తాడు. వాళ్ళు ముందే ఆయనతో మాట్లాడి, దారి కొంచెం తిప్పి, సరిహద్దు గోడ పక్కగా పోయేలా రాతపూర్వక ఒప్పుదల తీసుకున్నారు. ఆ తర్వాత చేసిన తీర్మానం ఇలా ఉంది: "ఫలానా మలుపు నుంచి ఫలానా కల్వర్టు వరకు 140 మీటర్ల కాలువకు ఎస్టిమేట్ తయారుచేసి, వచ్చే బడ్జెట్ ముసాయిదాతో పాటు కౌన్సిల్ ముందు పెట్టాలని, వీలు కాకపోతే కారణం రాసి కమిటీకి తెలపాలని ఈ కమిటీ సిఫారసు చేస్తోంది." చివరి భాగం చాలా ముఖ్యం. కారణం రాయాల్సి వచ్చినప్పుడు అధికారి ఫైలును ఒకసారైనా తెరుస్తాడు. ఆ ఏడాదే పని మంజూరైంది. పనిని ముక్కలు చేసి విడివిడిగా ఇద్దామని ఒక సలహా వచ్చింది గానీ, టెండర్ తప్పించడానికి పని విడగొట్టారన్న ఆడిట్ అభ్యంతరం వస్తే బిల్లులు ఆగి కాలువ సగంలో ఉండిపోతుందని నేను వద్దన్నాను.

మీరు ఇప్పుడే చేయాల్సింది సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం మీరు అడగకముందే మున్సిపాలిటీ కొన్ని వివరాలు బయట పెట్టాలి: ప్రజలను సంప్రదించడానికి ఏ ఏర్పాటు ఉంది, కమిటీల సమావేశాలకు జనం రావొచ్చా, మినిట్స్ చూడొచ్చా, ఏ విభాగానికి ఎంత బడ్జెట్ కేటాయించారు. సెక్షన్ 6 కింద దరఖాస్తు పెట్టి, మీ సిఫారసు ఏ తేదీన ఎవరికి పంపారు, దాని మీద ఫైలులో ఏం రాశారు, ఆ సీసీ రోడ్డు పని ఎవరి ప్రతిపాదనతో, ఏ పద్దు నుంచి మంజూరైంది అని అడగండి. "ఎందుకు మంజూరు చేయలేదు" అని అడిగితే అది సమాచారం కాదంటూ తిప్పి పంపే ప్రమాదం ఉంది, ఫైలు నోట్ల నకళ్ళు కావాలని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. సెక్షన్ 2(జె) కింద పనినీ రికార్డులనూ స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, రోడ్డు కొలతల పుస్తకం చూడాలనుకుంటే ఇదే దారి.

ఇక కోర్టు. హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయాలంటే, చట్టం చేయమన్న పనిని అధికారి చేయలేదని చూపించాలి, దానికి ముందు మీరు రాతపూర్వకంగా అడిగి ఉండాలి. చట్టం చెప్పిన కమిటీ వేయలేదు, వేసినా సమావేశం పెట్టడం లేదు, రూల్సు కౌన్సిల్ ముందు పెట్టమన్నా సిఫారసు పెట్టలేదు అంటే కోర్టు వింటుంది. ఆ వీధికి కాకుండా ఈ వీధికి డబ్బు ఇవ్వమంటే అది విధాన నిర్ణయం అంటుంది.

మురుగు విషయంలో మాత్రం ఇంకో తలుపు తెరిచే ఉంది. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో, డబ్బు లేదన్న కారణంతో మున్సిపాలిటీ పారిశుద్ధ్య బాధ్యత నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసు నడిచింది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 133 కింద, ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గరే ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కడ మీరు నిరూపించాల్సింది బహిరంగంగా మురుగు నిలిచి జనానికి హాని జరుగుతోందని, కమిటీ తీర్మానంతో సంబంధం లేదు. అప్పుడూ పనికొచ్చేవి తేదీ ఉన్న ఫోటోలే.

బడ్జెట్ ముసాయిదా ఏప్రిల్‌కు చాలా నెలల ముందే తయారవడం మొదలవుతుంది, కాబట్టి కొలతలు, ఫోటోలు, ఒప్పుదల పత్రం జతచేసిన తీర్మానం సెప్టెంబరు, అక్టోబరు కల్లా కమిషనర్ ఆఫీసులో ఇచ్చి, మీ నకలు మీద ఇన్‌వార్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం తెచ్చి "ఇచ్చాం మేడమ్" అంటే నేను కోర్టులో ఏమీ చేయలేను.