గోడౌను నిండుగా, గల్లా ఖాళీగా: ఆర్డరు ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: మాది ఖమ్మంలో పెయింట్ల దుకాణం. వాల్ పుట్టీ రోజుకు 6 బస్తాలు పోతాయి, సరుకు రావడానికి 8 రోజులు పడుతుంది. మూడు రోజులకోసారి స్టాకు చూసి, 60 లేదా అంతకంటే తక్కువ ఉంటే 120 తెప్పిస్తాం. కొన్న ధర బస్తా 800. గోడౌను నిండిపోయింది, డీలరుకు కట్టడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. ఇంకో లక్ష తేవచ్చా?

జవాబు: తేవద్దు. మీకు కొరత డబ్బుది కాదు. దారిలో ఉన్న సరుకును లెక్కలో వేసుకోకపోవడం వల్లనే ఈ అప్పు పుట్టింది, ఇది చాలా దుకాణాల్లో జరిగే పొరపాటే.

60 బస్తాలున్న రోజున 120కి ఆర్డరు పెట్టడం సరైనదే. ఎందుకంటే సరుకు వచ్చేలోగా 48 అమ్ముడుపోయినా 12 మిగులుతాయి. అయితే మూడో రోజున గోడౌనులో 42 కనిపించగానే మరో 120, ఆరో రోజున 24 కనిపించగానే ఇంకో 120 పెడుతున్నారు. మొదటి లోడు ఎనిమిదో రోజున దిగుతుంది, మిగతా రెండూ మూడేసి రోజుల తేడాతో దిగుతాయి, పద్నాలుగో రోజుకు గోడౌనులో 336 బస్తాలు చేరతాయి. అంటే 56 రోజుల సరుకు. అక్కర లేని రెండు లోడ్ల ఖరీదు 1,92,000 రూపాయలు, దాదాపు మీరు తెచ్చిన అప్పంత. స్టాకు మళ్లీ 60కి దిగినప్పుడు ఇదే తంతు మొదటి నుంచి మొదలవుతుంది.

కాబట్టి 60తో పోల్చవలసినది గోడౌనులోని సరుకును మాత్రమే కాదు. దానికి, ఆర్డరు పెట్టి ఇంకా రాని సరుకును కలిపి, ఖాతాదారులు బయానా ఇచ్చి ఇంకా తీసుకెళ్లని బస్తాలను తీసివేయాలి. అలా చూస్తే మూడో రోజున మీ లెక్క 42 కాదు, 162. రెండో ఆర్డరు అవసరమే లేదు. బయానా సరుకును తీసివేయడం చాలామంది మరచిపోతారు. మేస్త్రీ 30 బస్తాలకు డబ్బు కట్టి ఉంటే, గోడౌనులో 60 కనిపించినా మీవి 30 మాత్రమే.

ట్యాలీలోని Reorder Status నివేదికలో ఈ లెక్క Nett Available అనే నిలువు వరుసలో సిద్ధంగానే ఉంటుంది. కాని ఫోన్లో చెప్పిన ఆర్డర్లను కూడా పర్చేజ్ ఆర్డర్లుగా నమోదు చేస్తేనే అది నిజం చెబుతుంది. 120కి బదులు 100 వచ్చి, మిగతా 20 ఇక రావని తెలిస్తే ఆ ఆర్డరును ముగించాలి. లేకపోతే రాని 20 బస్తాలు దారిలో ఉన్నట్టే కనిపించి, ఈసారి సరుకు అయిపోతుంది.

బ్యాంకు క్యాష్ క్రెడిట్ వడ్డీ తక్కువ కావచ్చు గానీ, గోడౌనులో ఎండిపోయే డబ్బుకు ఏ వడ్డీ అయినా దండగే. మీ ప్రశ్నలో అత్యవసర నిధి ఊసే లేదు, నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. 336 నుంచి 60కి దిగేవరకు 46 రోజులపాటు పుట్టీ కొనవలసిన పని లేదు; ఆ రోజుల్లో అమ్మే 276 బస్తాల అసలే 2,20,800 రూపాయలు. దానితో ముందు అప్పు తీర్చండి. మిగిలినదాన్ని, ఇకపై నెలనెలా వడ్డీగా పోని 4,000 రూపాయలను, మూడు నెలల అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు చేరేవరకు దుకాణపు ఖాతాతో సంబంధం లేని వేరే ఖాతాలో వేయండి.