రుమటాయిడ్ ఉన్న అమ్మకి తిప్పతీగ కషాయం ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. పెరట్లో తిప్పతీగ అల్లుకుని ఉంది. రోజూ కషాయం తాగితే నొప్పులు తగ్గుతాయని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. లివర్ పాడవుతుందని ఎక్కడో చదివాను. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఆవిడకి మందులు రాసే డాక్టర్‌ని అడగకుండా అయితే అస్సలు వద్దు. తాగిన ప్రతివాళ్లకీ లివర్ పోతుందని కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మీ అమ్మగారి పరిస్థితి వేరు.

మాది పర్లాకిమిడి. మా మేనత్తకి హషిమోటో థైరాయిడ్ ఉంది. అదీ రుమటాయిడ్‌లాగే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బే. కరోనా రెండో వేవ్‌లో ఆవిడ సంతలో ఎండు తిప్పతీగ ముక్కలు కొని రోజూ పొద్దున్నే కషాయం పెట్టుకునేది. రెండు నెలలు కావస్తుండగా అన్నం సయించడం మానేసింది, ఒకటే నీరసం. తర్వాత మూత్రం ముదురు పసుపు, ఆపైన కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లకి పసరు పోయించమని మా వీధిలో సలహాలు మొదలయ్యాయి. మా బావ వినకుండా బరంపురం తీసుకెళ్లాడు, నేనూ వెళ్లాను. అప్పటికే ఒక ఆకు మందుతో దెబ్బతిన్న లివర్ మీద ఇంకో పసరు పోస్తే ఏమయ్యేదో!

కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 11 వచ్చింది, మామూలుగా ఒకటి లోపు ఉండాలి. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 40 దగ్గర ఉండాల్సింది 800 దాటింది. హెపటైటిస్ వైరస్‌లు ఏవీ లేవు, స్కాన్‌లో రాళ్లు లేవు. రక్షణ వ్యవస్థ తిరగబడిందేమో చూసే రక్తపరీక్షల్లో ఏఎన్ఏ పాజిటివ్, ఐజీజీ ఎక్కువ. ఇవి చూస్తే ఎవరికైనా రక్షణ వ్యవస్థే లివర్ మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనే అనిపిస్తుంది. ఆ జబ్బయితే స్టెరాయిడ్లు, ఆ తర్వాత ఏళ్ల తరబడి మందులు. ఏం మందులు వాడుతున్నారమ్మా అని డాక్టర్ అడిగితే అత్తయ్య "థైరాయిడ్ మాత్ర తప్ప ఇంకేం లేదండీ" అంది. కషాయం ఆవిడ లెక్కలో మందు కాదు మరి. నేను తిప్పతీగ సంగతి చెప్పగానే ఆయన పెన్ను పక్కన పెట్టి ఎన్నాళ్ల నుంచి, రోజుకెంత, ఎక్కడ కొన్నారు అని అడిగారు.

లివర్ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. అది కూడా కషాయం వల్ల అనీ, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనీ రెండు వైపులా చెప్పగలిగేలాగే వచ్చింది. కషాయం ఆపించి వారం వారం రక్తం చూస్తూ వచ్చారు. బిలిరుబిన్ దానంతట అదే దిగడంతో స్టెరాయిడ్ల అవసరం రాలేదు. కొందరికి అవసరమవుతుందట. అన్నీ మామూలుకి రావడానికి మూడు నెలలు పట్టింది. మందు వల్ల వచ్చినదా, అసలు జబ్బా అన్నది ఆ తర్వాతే తేలుతుందని ఆయన చెప్పారు. మందు వల్లనైతే ఆపాక మళ్లీ రాదు, అసలు జబ్బయితే తిరగబెడుతుంది. అత్తయ్యకి ఇప్పటిదాకా రాలేదు.

ఇది ఆవిడ ఒక్కదాని సంగతి కాదు. ముంబైలో 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య ఇలాంటి ఆరుగురిని డాక్టర్లు చూసి మరుసటి ఏడు ప్రచురించారు. తర్వాత దేశంలో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది కేసులు బయటికొచ్చాయి. వాళ్లలో తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లక్షణాలు కనిపించడానికి మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. ఆయుష్ శాఖ మాత్రం ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమే, దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే వేరే తీగతో పొరపడి ఉండొచ్చు అంది. ఆ క్రిస్పా నిజంగానే లివర్‌కి చెరుపు చేసే తీగ, కాండం మీద బుడిపెలుంటాయి. మీ పెరట్లోది అసలైన తిప్పతీగే అయినా మీ అమ్మగారి విషయంలో నా మాట మారదు.

ఎందుకంటే రుమటాయిడ్‌లో ఒంటి రక్షణ వ్యవస్థ తన కీళ్ల మీదే దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికే మెథోట్రెక్సేట్. తిప్పతీగని జనం తాగేదే రక్షణ వ్యవస్థని లేపుతుందని. ఒకవైపు మంట ఆర్పుతూ రెండోవైపు విసనకర్ర ఊపినట్టు అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మెథోట్రెక్సేట్‌కే లివర్‌ని ఇబ్బంది పెట్టే గుణముంది, అందుకే మధ్యమధ్య లివర్ ఎలా ఉందో చూసే ఎల్ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయిస్తారు. రెండూ వాడుతుండగా ఎస్‌జీపీటీ పెరిగిందనుకోండి, ఏది చేసిందో తెలియక చివరికి పనిచేస్తున్న మెథోట్రెక్సేట్‌నే ఆపాల్సి రావచ్చు.

ఒకవేళ ఇప్పటికే తాగుతుంటే ఈ రోజే ఆపించి ఎల్ఎఫ్‌టీ చేయించండి. బాగున్నా రెండు వారాలాగి మళ్లీ ఒకసారి చూపించండి. మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు మానిపించొద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం రంగు మారినా మాత్రం తర్వాతి డోసు వేసే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ తీగ ముక్క ఒకటి సంచిలో వేసుకోండి. ఇంట్లో ఉన్న డబ్బాలు, సీసాలు కూడా చూడండి. గిలోయ్, గుడూచి, అమృతారిష్టం, సంశమని వటి అని ఉంటే వాటిలో ఉన్నదీ తిప్పతీగే, ఇక్కడి ఒడియావాళ్లు గుళుచి అనేది కూడా దాన్నే.