రంగు పరీక్షకు వెళ్లే తమ్ముడికి

తమ్ముడు రమణకు అక్క ఆశీస్సులు.

మంగళవారం కంటికి రంగు పరీక్ష చేయించుకోమని డాక్టరుగారు రాశారని, కంట్లో సూది గుచ్చుతారేమోనని నీకు టెన్షన్‌గా ఉందని మరదలు చెప్పింది. సూది కంట్లో కాదురా, మోచేతి మడత దగ్గర నరంలో వేస్తారు. ఇందులో ఎక్స్‌రే కూడా ఉండదు. కంటి విభాగంలో నర్సుగా ఇరవై ఏళ్లు ఈ సూదులు వేసినదాన్ని కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తారు. గడ్డం స్టాండు మీద ఆనించి కెమెరా ముందు కూర్చోబెడతారు. నరంలోకి ఎక్కించే రంగు మందు పేరు ఫ్లోరెసిన్, మామూలుగా 5 మిల్లీలీటర్లకు మించదు. పది పదిహేను సెకన్లలో అది కంటి వెనక ఉండే రెటీనా పొరకు చేరుతుంది. నీలి వెలుగు పడితే ఆ మందు ఆకుపచ్చగా మెరుస్తుంది. దాన్ని పది నిమిషాల దాకా ఫొటోలు తీస్తారు.

మంచి రక్తనాళం ఈ రంగును బయటికి వదలదు. షుగర్‌తో దెబ్బతిన్నది వదులుతుంది. నీలాగే షుగర్ ఉన్న ఒకాయన ఫొటోలు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. మొదటి నిమిషంలో చూపు మధ్యభాగం దగ్గర ఆవగింజల్లా తెల్లటి చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. చివరి ఫొటోకి అవే చుక్కలు తడి కాగితం మీద సిరాలా చెదిరిపోయాయి. ఆయన రెటీనా వాపుకు కారణమైన లీకేజీ అక్కడే అని డాక్టరుగారికి తెలిసిపోయింది. ఇంకో పక్క నల్లటి మచ్చలా ఉంది. సన్న నాళాలు మూసుకుపోయి రక్తం అందని చోటు అలాగే కనిపిస్తుంది. అయితే పాత రక్తం గడ్డకట్టి అడ్డుపడినా నల్లగానే ఉంటుంది కాబట్టి, మామూలు కలర్ ఫొటో పక్కన పెట్టి చూసిగానీ తేల్చరు.

సూది వేసిన నిమిషంలోపు కొందరికి వికారం వస్తుంది. నోటితో నెమ్మదిగా గాలి పీల్చు, రెండు మూడు నిమిషాల్లో పోతుంది. ఒళ్లు పసుపు రాసినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లు పచ్చకామెర్లనుకుంటారు, కానీ కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. మూత్రం మాత్రం ఒకటి ఒకటిన్నర రోజు ముదురు పసుపుగా, నారింజ రంగుగా వస్తుంది. ఇందాక చెప్పినాయన అది చూసి కిడ్నీలు పోయాయని అర్ధరాత్రి హాస్పిటల్‌కు పరుగెత్తుకొచ్చాడు. ముందే చెప్పనందుకు నాకిప్పటికీ బాధే. అది కిడ్నీలు రంగును బయటికి పంపడమేరా. నీళ్లు బాగా తాగు. ఆ రెండు రోజుల్లో రక్త, మూత్ర పరీక్షలుంటే ల్యాబ్‌వాళ్లకు ఈ సంగతి చెప్పు, లెక్కలు తప్పు రావచ్చు.

సూది వేసేటప్పుడు చెయ్యి భగ్గున మండితే మందు నరం బయటికి పోతోందని అర్థం, వెంటనే చెప్పు. దద్దుర్లు, దురద, ఆయాసం వచ్చినా ఓర్చుకోకు. అలాంటివి అరుదు, కానీ ఆలస్యం పనికిరాదు. నీకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఆ మాట సూదికి ముందే చెప్పాలి.

పెద్దోణ్ణి వెంట తీసుకెళ్లు. చుక్కల వల్ల సాయంత్రం దాకా మసకగా ఉంటుంది, బండి నువ్వు నడపొద్దు.

మీ అక్క