తేదీని ఉన్నది ఉన్నట్టే ఎందుకు ఎక్కించాలి?

హైదరాబాద్‌లో డేటా ఎంట్రీ చేస్తున్నాను. బిల్లుల్లో తేదీలు రకరకాలుగా ఉన్నాయి. అన్నీ ఒకే పద్ధతిలోకి మార్చి ఎక్కించవచ్చా?

వద్దు, కాగితం మీద ఎలా ఉంటే అలాగే కొట్టండి. మార్చాలంటే ముందు ఏది రోజో, ఏది నెలో తెలియాలి. రెండు అంకెలూ 12 లోపే ఉంటే ఆ తేదీని చూసి చెప్పలేం. 03/04/2019 మన లెక్కలో ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. తప్పుగా మార్చినా మామూలు తేదీలాగే కనిపిస్తుంది, అందుకే తర్వాత ఎవరికీ దొరకదు.

చేత్తో మార్చకపోతే చాలనుకుంటారు చాలామంది. కానీ అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్ 03/04/2019ని మార్చి 4వ తేదీగానే తీసుకుంటుంది. 13/04/2019 మాత్రం తేదీగా కుదరక, సెల్‌లో ఎడమ వైపు ఉండిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి కనిపిస్తే అనుమానించండి. కొట్టకముందే కాలమ్‌ని Text గా పెట్టాలి; తర్వాత పెడితే తేదీ బదులు 43528 లాంటి అంకె వస్తుంది.